ఎల్‌ఆర్‌ఎస్ ఉన్న ప్లాటు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల పాత వెంచర్లలో ప్లాటు రీసేల్‌కు వచ్చినప్పుడు అమ్మేవారు మొదట చెప్పే మాట "ఎల్‌ఆర్‌ఎస్ కట్టేశాం". బయానా ఇచ్చేముందు ఈ మాటకు అర్థం ఎంతవరకో తెలియాలి. ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకం. ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ 2020 పథకం గురించే. ఆంధ్రప్రదేశ్‌లో పథకం, గడువులు, రుసుములు వేరు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టే.

రెండింటికీ సంబంధం లేదు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం 2020 ఆగస్టు 26న ఆపింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో, అప్పటికే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లను మళ్లీ అమ్ముకోవచ్చని సడలించింది. అందువల్ల పాత దస్తావేజు ఉన్న ప్లాటు ఎల్‌ఆర్‌ఎస్ లేకపోయినా మీ పేరున రిజిస్టరవుతుంది. సబ్ రిజిస్ట్రార్ చూసేది స్టాంపు సుంకం, వచ్చిన మనుషులు, నిషేధిత జాబితా. లేఅవుట్ సరైనదా, అమ్మేవారికి నిజంగా హక్కుందా అన్నది ఆ కార్యాలయం తేల్చదు.

"పంచాయతీ లేఅవుట్" అన్న మాట కూడా ఇలాంటిదే. సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న ప్లాను లేఅవుట్ అనుమతి కాదు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పరిధిలో ఆ సంస్థ, బయట పట్టణ ప్రణాళిక విభాగం డీటీసీపీ సాంకేతిక అనుమతి ఇచ్చి, లేఅవుట్ అనుమతిని గుర్తించే ఎల్‌పీ నంబరు వేసి ఉండాలి. ఆ నంబరు లేకపోతే ప్లాను ఎంత అందంగా గీసినా అది అనధికార లేఅవుటే.

అపోహ: వెయ్యి రూపాయల రసీదు ఉంది కదా, అది చాలు.

వెయ్యి రూపాయలు దరఖాస్తు రుసుము మాత్రమే. 2020లో సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. రసీదు తర్వాత పరిశీలన, పత్రాలు తక్కువైతే షార్ట్‌ఫాల్ నోటీసు, ఫీజు ఖరారు, చెల్లింపు, చివరికి ప్రొసీడింగ్స్ అనే క్రమబద్ధీకరణ ఉత్తర్వు వస్తాయి. ప్రొసీడింగ్స్ చేతికి వచ్చేదాకా ప్లాటు క్రమబద్ధం కానట్టే.

ఆ ఫీజు ఎంతవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు ఉన్న 200 గజాల ప్లాటు. రిజిస్ట్రేషన్ 2012లో జరిగింది, అప్పటి ప్రభుత్వ విలువ గజానికి 1,500 రూపాయలు అనుకుందాం. 200 గజాలంటే 167.2 చదరపు మీటర్లు. 101 నుంచి 300 చదరపు మీటర్ల ప్లాటుకు మూల రుసుము చదరపు మీటరుకు 400 రూపాయలు కాబట్టి 66,880 అవుతుంది. గజం విలువ 3,000 లోపు ఉంటే అందులో 20 శాతమే కట్టాలి, అంటే 13,376. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువ మీద 14 శాతం అదనం. మూడు లక్షలకు అది 42,000. మొత్తం 55,376 రూపాయలు. 2025లో ప్రకటించిన 25 శాతం రాయితీ లాంటివి గడువుతో వచ్చి పోతుంటాయి, వాటిని లెక్కలో వేసుకోవద్దు.

ఇక్కడ భారమంతా 14 శాతానిదే. దరఖాస్తు చేసిన వారికి రిజిస్ట్రేషన్ నాటి విలువ వర్తించడం పెద్ద మేలు. ఇదే ప్లాటుకు ఈనాటి విలువ గజానికి 10,000 అనుకుని 14 శాతం వేస్తే 2,80,000 అవుతుంది. కాబట్టి దరఖాస్తు ఉందా, ఎవరి పేరున, ఏ దస్తావేజు మీద ఉంది, ఏ దశలో ఆగింది అన్నవి ధర మాట్లాడకముందే చూడాలి. మిగిలిన ఫీజు ఎవరు కడతారో అగ్రిమెంటులో రాయించుకోండి.

అపోహ: ఎల్‌ఆర్‌ఎస్ వస్తే 200 గజాలూ మనవే.

చాలామంది చూసుకోని నష్టం ఇది. నిబంధన ప్రకారం రోడ్డు 9 మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులు ఉండాలి. అనధికార వెంచర్లలో 20 అడుగుల రోడ్లు సర్వసాధారణం. తగ్గిన పది అడుగులను రెండు వైపుల ప్లాట్లూ చెరో ఐదు అడుగులు వదిలి పూరించాలి. పై ప్లాటులో ఐదు అడుగుల మేర 36 అడుగుల పొడవునా పోతే 180 చదరపు అడుగులు, అంటే 20 గజాలు తగ్గుతాయి. మీరు డబ్బిచ్చేది 200 గజాలకు, ఇంటి ప్లాను వచ్చేది 180 గజాల మీద. ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకులు కూడా తగ్గిన హద్దు నుంచే లెక్కిస్తారు. వెంచర్ బ్రోచర్‌లో రోడ్డు ఎంతని ఉందో నమ్మకుండా, ఎదుటి ప్లాటు హద్దు రాయి నుంచి మీ హద్దు రాయి వరకు టేపు పట్టి కొలవండి.

అపోహ: ప్రభుత్వమే ఫీజు తీసుకుంది, ఇక టైటిల్ క్లియర్.

మా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఎల్‌ఆర్‌ఎస్ లేఅవుట్ లోపాన్ని మాత్రమే సరిచేస్తుంది, హక్కును పుట్టించదు. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూమి అని తర్వాత తేలితే ప్రొసీడింగ్స్ ఆదుకోవు.

పాత వెంచర్లలో ఎక్కువగా జరిగేది మరొకటి. పదిహేను, ఇరవై ఏళ్ల క్రితం రైతు ఆరెకరాలు ప్లాట్లు చేసి అమ్మేశాడు. కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు కానీ రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి వ్యవసాయ భూమిగా రైతు పేరునే ఉండిపోయింది. తర్వాత కొత్త పాసుపుస్తకం కూడా అతనికో, వారసులకో వచ్చింది. దాన్ని చూపి అదే భూమిని ఎకరాల లెక్కన మరొకరికి అమ్మేస్తారు. కొన్నవారు హద్దు రాళ్లు పీకి, దున్ని, చుట్టూ ఫెన్సింగ్ వేస్తారు.

ఈ రెండో అమ్మకం, ప్లాటు మీద జరిగిన లావాదేవీలు చూపే మీ ఈసీలో కనిపించదు. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైనప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర జరుగుతోంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీ ప్లాట్ల లావాదేవీలనే చూపిస్తుంది. అందుకే ఈసీ శుభ్రంగా ఉందని ఆగిపోకుండా, దస్తావేజులోని సర్వే నంబరును ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో వెతకండి. అక్కడ ఇంకా ఎవరి పేరునైనా పాసుపుస్తకం నడుస్తుంటే, ఆ విస్తీర్ణంలో ప్లాట్లుగా పోయిన భూమి కలిసి ఉందేమో లెక్క తీయాలి. సర్వే నంబరు మొత్తం ఎకరాల నుంచి ప్లాట్లు, రోడ్ల విస్తీర్ణం తీసేస్తే మిగలాల్సిన దానికంటే పాసుపుస్తకంలో ఎక్కువ ఉంటే అక్కడితో బేరం ఆపేయండి.

అపోహ: చెరువుకు దూరంగా, ఎండిన నేలే కదా.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు, వేసవిలో కంటికి కనిపించే ఒడ్డు కాదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి మరో 30 మీటర్లు బఫర్. అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు. వీటిలో పడిన ప్లాటుకు ఎంత ఫీజు కడతామన్నా క్రమబద్ధీకరణ ఉండదు. మాస్టర్ ప్లాన్‌లో పారిశ్రామిక, ఖాళీ స్థల జోన్లుగా చూపిన చోటా అంతే. హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులు lakes.hmda.gov.in లో ఉన్నాయి. అక్కడి మ్యాపులో సర్వే నంబరు చూసి, అనుమానం ఉంటే లైసెన్సున్న సర్వేయర్‌తో ప్లాటు మూలలు పెట్టించండి. ఆ ఖర్చును అమ్మేవారు భరించనంటే మీరే పెట్టుకోండి, కానీ బయానా మాత్రం సర్వే తర్వాతే ఇవ్వండి.