పాత రేడియో ఫొటో చూసి కాలం చెప్పడం: అపోహలు - వాస్తవాలు

గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసే పాత రేడియోలు బాగుచేయడం నా పని. అమలాపురం, రాజోలు, భీమవరం వైపు ఇళ్లలో అటక మీంచి దించిన రేడియోల ఫొటోలు నాకు తరచూ వస్తుంటాయి. దాదాపు అందరూ ముందు వైపు మాత్రమే ఫొటో తీసి "ఇది ఏ సంవత్సరందండీ?" అని అడుగుతారు. కాలం చెప్పే ఆధారాలు ఎక్కువగా ఉండేది వెనుక వైపు.

అపోహ: చెక్క పెట్టె ఉంటే స్వాతంత్ర్యానికి ముందుది, బేకలైట్ అనే గట్టి పాతకాలపు ప్లాస్టిక్‌దైతే తర్వాతది.

బేకలైట్ పెట్టెలు 1930లలోనే వచ్చాయి. చెక్క పెట్టెలు 1960లలోనూ తయారయ్యాయి. పెట్టెను చూసి నేను కాలం చెప్పను. కానీ మరో విషయం చూస్తాను. ముందు పలకలో ఖాళీగా మిగిలిన రంధ్రం, మైనంతో పూడ్చిన మచ్చ, మీటల వరసకు పొసగని, స్టేషన్ల పేర్లుండే గాజు పలక కనిపిస్తే పాత పెట్టెలో ఎవరో వేరే రేడియో లోపలి భాగం బిగించారని అనుమానించాలి.

అపోహ: వాల్వు మీద ఉన్న కంపెనీ పేరే రేడియో కంపెనీ పేరు.

వాల్వు పాడైతే దొరికిన కంపెనీది తెచ్చి వేసేవారు. అందుకే పేరును నమ్మకూడదు. దాని మీది రకం సంఖ్యను మాత్రం నమ్మవచ్చు. మార్చినవారు అదే సాకెట్‌లో పట్టే వాల్వునే వేయాలి, సాకెట్ రేడియోతో పాటు పుట్టినదే కదా.

యూరప్ పద్ధతిలో పేరు పెట్టిన వాల్వుల్లో సంఖ్య మొదటి అంకె సాకెట్‌ను చెబుతుంది. 3 అయితే ఎనిమిది కాళ్ల ఆక్టల్, 4 అయితే 1940ల చివర వచ్చిన రిమ్‌లాక్, 8 అయితే తొమ్మిది కాళ్ల నోవల్. ఈఎల్ 84 అంటే నోవల్ అన్నమాట. రేడియోలో అన్నీ 80 వరస వాల్వులే ఉంటే అది 1950లకు ముందుది కాదు.

ఫొటో తీసే ముందు వాల్వును తడి గుడ్డతో తుడవకండి. తెల్లని అచ్చు అక్షరాలు దుమ్ముతో పాటే పోతాయి, మళ్లీ రావు. అవి మసకగా ఉంటే గాజు మీద నోటితో మెల్లగా ఆవిరి ఊదండి. ఒక్క క్షణం తేలి కనిపిస్తాయి, అప్పుడే ఫొటో తీయాలి. ఫ్లాష్ వద్దు, పక్క నుంచి వెలుతురు చాలు.

అపోహ: "మా నాన్నగారు 1946లో కొన్నారు" అన్నమాటే చాలు.

అమలాపురం దగ్గరి ఒక మాస్టారు ఇలాగే రాశారు. స్టేషన్ల గాజు పలక ఫొటో అడిగాను. అందులో విజయవాడ పేరు స్పష్టంగా ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కాబట్టి ఆ గాజు పలక 1946 నాటిది కావడం కష్టం. షార్ట్‌వేవ్ బ్యాండ్ల దగ్గర మెగాహెర్ట్జ్ అని కాక మెగాసైకిల్స్ అని ఉంది. హెర్ట్జ్ అనే పేరు రేడియో పలకల మీద 1970ల నాటికి బాగా స్థిరపడింది కనుక, ఇది అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత వెనుక అట్ట తీసి పంపారు. ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84, ఈజెడ్ 80. ఐదూ నోవల్ రకాలే. రెండు ఆధారాలూ కలిపి చూస్తే 1950ల మధ్య నుంచి 1960ల చివరి దాకా అని చెప్పాను. అంతకంటే ఇరుకైన కాలం ఫొటోతో చెప్పాలంటే మోడల్ సంఖ్య కావాలి. పెట్టె లోపల అంటించిన కాగితం మీద అది ఉండేది. ఆయన పెట్టెలో దాన్ని చెదలు తినేశాయి, మన తేమ ప్రాంతంలో ఇది మామూలే.

అపోహ: ప్లగ్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

దయచేసి పెట్టకండి. వాల్వుల పేర్లు యూ అక్షరంతో మొదలైతే ఆ రేడియోలో సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి ఇనుప చట్రం నేరుగా కరెంటుకు తగిలి ఉండవచ్చు. వెనుక అట్ట లేకుండా ముట్టుకుంటే ప్రాణం పోతుంది. వాల్వుల పేర్లు యూతో కాక "ఈ" అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలైనా, ఏళ్ల తరబడి వాడని కండెన్సర్లు ఒక్కసారిగా కరెంటిస్తే కాలి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోతాయి.

మాస్టారు నా మాట విని ప్లగ్ పెట్టలేదు. రెండు వారాల తర్వాత ఫోను చేశారు. "అప్పట్లో రేడియో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో తీసుకున్న లైసెన్సు పుస్తకం ట్రంకు పెట్టెలో దొరికిందండీ. మొదటి పోస్టాఫీసు ముద్ర 1961. 1946లో కొన్నది వేరే రేడియో అని, అది పాడైతే మార్చి ఇది తెచ్చారని మా అత్తయ్య చెప్పింది."