ఇంటి సందర్శన నోట్: చీటీలో రాసిందీ, రోగి మింగిందీ – అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో, నయంకాని జబ్బులున్నవాళ్ల బాధ తగ్గించే పాలియేటివ్ బృందంతో ఇంటింటికీ తిరిగే నర్సుగా ఇది రాస్తున్నాను. కొత్తగా చేరిన నర్సులూ, మాతో వచ్చే ఆశా కార్యకర్తలూ, ప్రతి ఇంటి సందర్శనకూ మేం రాసే నోట్ గురించి అడిగేవే ఇందులో ఉన్నాయి. ఉదాహరణగా చెప్పే ఇల్లు ఉద్దానంలోని ఒక జీడితోటల ఊరిది. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని ఇళ్ల సంగతులు కలిపి చెబుతున్నాను. రోగి అరవై దాటిన పెద్దాయన. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇంట్లో భార్య, చిన్న కోడలు ఉంటారు. పెద్దకొడుకు చెన్నైలో పని చేస్తున్నాడు.

అపోహ: ఇంట్లోకి వెళ్లినప్పటి నుంచి జరిగిందంతా వరసగా రాస్తే అదే మంచి నోట్.

ఆ నోట్ చదివేది ఎవరో ముందు ఆలోచించాలి. రాత్రి పదకొండింటికి ఆ ఇంటి నుంచి ఫోను వస్తే, ఎత్తేది ఆ పెద్దాయనను ఎన్నడూ చూడని డాక్టరు కావచ్చు. ఆయనకు ఒక్క నిమిషంలో నాలుగు సంగతులు కనబడాలి: బాధలేమిటి, ఏ మందులు నిజంగా లోపలికి వెళుతున్నాయి, రోగీ ఇంటివాళ్లూ ఏం కోరుకుంటున్నారు, ఇప్పుడు ఎవరు ఏం చేయాలి. అందుకే ఈ నాలుగింటినీ విడివిడిగా, ఎప్పుడూ ఇదే వరసలో రాస్తాం.

అపోహ: బాధల కింద నొప్పికి పదిలో ఎన్ని మార్కులో వేస్తే చాలు.

“నొప్పి 7” అన్న అంకె ఒక్కటే ఉంటే దానితో డాక్టరు చేయగలిగింది తక్కువ. మేం ఇలా రాశాం: “నడుము కింది భాగంలో నొప్పి. మాత్ర వేసిన గంటలోపు 3కి దిగుతుంది, నాలుగు గంటలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ 7. తెల్లవారుజామున రెండింటికి లేచి కూర్చుంటున్నారు. విరేచనం అయి ఐదు రోజులు.” మాత్ర పనిచేస్తోందనీ, అయితే దాని ప్రభావం తీరాక చాలాసేపు ఖాళీ ఉంటోందనీ ఇది చదివితేనే తెలుస్తుంది.

లేనివి కూడా రాయాలి. “కాళ్లలో బలం తగ్గలేదు, మూత్రం ఆగలేదు, పొట్ట ఉబ్బలేదు, వాంతులు లేవు, గాలి పోతోంది” అన్న వాక్యం ఇక్కడ చాలా విలువైనది. వెన్నెముకకు పాకిన క్యాన్సర్ వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం ఆగిపోవచ్చు. వారం తర్వాత కాలు తడబడితే, అది కొత్తగా వచ్చిందని తేల్చేది ఈ వాక్యమే.

అపోహ: మందుల జాబితాను పాత చీటీ చూసి ఎక్కించుకోవచ్చు.

నోట్‌లో ఎక్కువ ప్రమాదం ఉన్న భాగం ఇదే. చీటీ ప్రకారం ఆయనకు నొప్పి తగ్గించే మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలు ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6కు ఒక్కొక్కటి. రాత్రి మధ్యలో లేపే పని లేకుండా 10 గంటలకు రెండు. రోజుకు ఆరు మాత్రలు, అంటే 60 మిల్లీగ్రాములు. రెండు వారాలకు 84 మాత్రలు ఇచ్చాం. వారం తర్వాత వెళ్లినప్పుడు 42 మిగలాలి. డబ్బా చాపమీద పోసి లెక్కపెడితే 63 ఉన్నాయి. ఏడు రోజుల్లో లోపలికి వెళ్లినవి 21, అంటే రోజుకు మూడే.

కోడలిని అడిగితే మెల్లగా చెప్పింది: “అన్నం తిన్నాకే కదమ్మా మాత్ర వేయాలి? మూడు పూటలా వేస్తున్నాను.” తప్పు ఆ అమ్మాయిది కాదు. బీపీ మాత్రలకూ, షుగరు మాత్రలకూ అలవాటైన ఇల్లది. మార్ఫిన్‌ను గడియారం చూసి ఇవ్వాలని, అన్నంతో దానికి ముడి లేదని మళ్లీ చూపించి చెప్పాల్సింది మేమే.

ఈ లెక్క నోట్‌లోకి రాకపోతే ఏం జరుగుతుందో చూడండి. “మార్ఫిన్ 60, నొప్పి 7” అని చదివిన డాక్టరు మోతాదును 90కి పెంచవచ్చు. నిజానికి లోపలికి వెళుతున్నది 30. కొత్త చీటీని ఇంటివాళ్లు ఈసారి సరిగ్గా పాటిస్తే, ఒక్కరోజులో మూడింతలు పడుతుంది. అందుకే ప్రతి మందుకూ రెండు గడులు పెడతాం: రాసింది, మింగింది. తేడా ఉంటే పక్కనే కారణం.

విరేచనాల మాత్ర బిసాకోడిల్‌నూ ఇలాగే చూడాలి. “తిండే లేదు, విరేచనం ఎక్కడిది” అని దాన్ని పక్కన పెట్టారు. మార్ఫిన్ తెచ్చే వికారం, మత్తు చాలామందిలో కొన్ని రోజుల్లో తగ్గుతాయి కానీ మలబద్ధకం తగ్గదు. మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ విరేచనాల మందు ఉండాలి.

మరో గడి “బయటి నుంచి తెచ్చినవి”. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండుసార్లు నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేశారని అప్పుడే తెలిసింది. ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు తెలుసు. ఆ సూది కిడ్నీలను దెబ్బతీయవచ్చు. కిడ్నీలు దెబ్బతింటే మార్ఫిన్ నుంచి తయారయ్యే పదార్థాలు ఒంట్లో పేరుకుని మత్తు, కండరాలు ఎగిరిపడటం మొదలవుతాయి. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చివరి క్రియాటినిన్ ఎంతో, ఏ తేదీదో ఇక్కడే రాస్తాం. ఈయనది మూడు వారాల కిందట మామూలుగానే ఉంది, 1.1. అయితే సూదులు ఆ తర్వాత పడ్డాయి. అందుకే అక్కడి నుంచే డాక్టరుకు ఫోను చేశాం. మూత్రం బాగానే వస్తోందని, మత్తు లేదని విన్నాక మోతాదు పెంచవద్దని, 10 మిల్లీగ్రాములే సరైన వేళలకు ఇమ్మని, మర్నాడు రక్తపరీక్ష చేయించమని చెప్పారు. క్రియాటినిన్ పెరిగి ఉంటే ఈ సలహా మారిపోయేది.

అపోహ: ఇంటి పెద్ద చెప్పిందే కుటుంబం కోరిక.

“కుటుంబం ఆసుపత్రి వద్దంటోంది” అన్న వాక్యంలో ఎవరి మాట ఉందో తెలియదు. ఎవరు అన్నారో, అప్పుడు పక్కన ఎవరున్నారో, వాళ్ల మాటల్లోనే రాయాలి. పెద్దకొడుకు ఫోనులో: “ఏ మాత్రం తేడా వచ్చినా విశాఖపట్నం తీసుకెళ్లండి.” భార్య: “ఇంట్లోనే ఉంచుకుంటాను.” పెద్దాయన, ఆమె వంటింట్లోకి వెళ్లాక: “ఇక నన్ను ఆసుపత్రులకు తిప్పవద్దమ్మా.”

మూడు మాటలూ మూడు వరుసల్లో ఉండాలి. మనమే వాటిని రాజీ చేసి ఒక్క వాక్యంగా కలపకూడదు. రోగి మాటను ఇంకాస్త తరచి చూడాలి కూడా. కాళ్లు పడిపోయే సూచన కనబడితే వెంటనే రేడియేషన్ ఇప్పించడం వల్ల నడక నిలిచే అవకాశం ఉందని చెప్పి అడిగాను. “నడక నిలుస్తుందంటే వస్తాను. సెలైన్లు ఎక్కించడానికైతే వద్దు” అన్నారు. రాత్రి ఫోను ఎత్తే డాక్టరుకు దారి చూపేది ఈ రెండో మాట. తేదీ వేసి రాశాం. ఆయన మనసు మారితే కొత్త తేదీతో మరో వరుస రాస్తాం, పాతది కొట్టేయం.

అపోహ: తర్వాతి పనుల కింద “రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి” అంటే సరిపోతుంది.

ప్రతి పనికీ మనిషి, గడువు ఉండాలి. ఈ ఇంటికి రాసినవి ఇవి:

- ఈ రోజే: మలద్వారం పరీక్షించి, గట్టి మలం ఉన్నందున లోపల పెట్టే బిసాకోడిల్ బిళ్ల పెట్టాం. రాత్రి నుంచి బిసాకోడిల్ మాత్రలు రెండు కోడలు ఇస్తుంది.
- రేపు: ఏఎన్‌ఎం రక్తం తీయించాలి. క్రియాటినిన్ ఫలితం సాయంత్రానికి డాక్టరుకు చేరాలి.
- ఎల్లుండి ఉదయం నర్సు ఫోను: విరేచనం అయిందా, రాత్రి నిద్ర పట్టిందా, మత్తుగా ఉన్నారా, ఎన్ని మాత్రలు మిగిలాయి?
- కాలు బలహీనమైనా, మూత్రం ఆగినా, లేపినా లేవకపోయినా, ఒళ్లు ఎగిరిపడుతున్నా: ఏ వేళైనా వెంటనే ఫోను.
- పెద్దకొడుకుతో తండ్రి కోరిక గురించి మాట్లాడటం: ఆదివారం, డాక్టరు. పెద్దాయన అందుకు ఒప్పుకున్నారు.

మళ్లీ ఎప్పుడు వెళ్లాలో మాత్రల లెక్కే చెబుతుంది. రోజుకు ఆరు చొప్పున 63 మాత్రలు పది రోజులు వస్తాయి. వేళల మధ్య నొప్పి లేస్తే వేసుకోవడానికి ఒక్కో మాత్ర, అంటే రోజు మోతాదులో ఆరో వంతు, అదనంగా రాశాం. అలాంటివి రోజుకు రెండు పడితే ఎనిమిదో రోజుకే చాలవు. మార్ఫిన్ ఊళ్లోని మందుల దుకాణంలో దొరకదు, గుర్తింపు పొందిన సంస్థ నుంచే తేవాలి. అందుకే తర్వాతి సందర్శన ఏడో రోజుకు పెట్టి, ఆ రోజుకు మాత్రలు సిద్ధం చేసే పని ఎవరిదో పేరుతో సహా రాశాం. వేళల చీటీ, ఫోను నంబరు ఇంటి గోడకు అంటించి, నోట్ నకలు ఒకటి మందుల డబ్బాలో ఉంచి వచ్చాం.