అంత తల ఆ దారిలో ఎలా పట్టింది?

చి. స్వాతికి, చి. బబ్లూకి,

అమ్మమ్మ ఆశీస్సులు. పిన్నికి మగపిల్లవాడు పుట్టాడని ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు, స్వాతి వెనక నుంచి "అంత తల బయటికి ఎలా పట్టింది?" అని అడగడం, మీ అమ్మ "ఆ ప్రశ్నలేంటే" అని కసరడం రెండూ వినపడ్డాయి. కసరాల్సిన ప్రశ్న కాదు. లేబర్ రూమ్‌లో సిస్టర్‌గా చేరిన కొత్తలో నాకూ అదే అర్థమయ్యేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. బబ్లూ కూడా చదవాలి, ఇది ఆడపిల్లలకే అని పక్కన పెట్టకు.

మా పుట్టింట్లో నులక మంచాలు లోపలి కొట్టుగదిలో ఉండేవి. ఎండాకాలం పొద్దుగూకగానే వాటిని వాకిట్లోకి తేవడం మా తమ్ముడిదీ నాదీ పని. కొట్టుగది గుమ్మం వెడల్పు, కానీ పొట్టి. పెద్దవాళ్లు వంగి వెళ్లాల్సిందే. అది దాటితే చిన్న నడవ. నడవ చివర వాకిలి గుమ్మం పొడుగు, కానీ ఇరుకు. మొదటి గుమ్మంలో మంచాన్ని పడుకోబెట్టి తేవాలి. రెండో గుమ్మంలో పక్కకు నిలబెట్టి తేవాలి. మధ్యలో నడవలోనే దాన్ని తిప్పుకోవాలి. తిప్పడం మరిచిపోతే కోడు గోడకు గీసుకునేది, నాన్న కేక వినపడేది. ఆ గీతలు ఆ ఇల్లు కూలేదాకా గోడ మీద అలాగే ఉన్నాయి.

తల్లి కటి ఎముకల మధ్య దారి సరిగ్గా అదే ఇల్లు. పై గుమ్మం పక్కల నుంచి పక్కలకు సుమారు 13 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి 11. కింది గుమ్మం దానికి తలకిందులు: పక్కలకు 11, ముందు నుంచి వెనక్కి 13 దాకా. బిడ్డ తల కూడా గుండ్రం కాదు, నుదురు నుంచి పెడతలకు పొడుగు, చెవి నుంచి చెవికి తక్కువ. పొడుగు తల, రెండు రకాల గుమ్మాలు. ఇంతే లెక్క. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఈ లెక్క నుంచే వస్తుంది.

ఇక మీ పిన్ని సంగతి. వాడు మొదటి గుమ్మం దగ్గర అడ్డంగా ఉన్నాడు, అంటే పెడతల అమ్మ ఎడమవైపు, మొహం కుడివైపు. చాలామంది పిల్లలు ఇలాగే, లేదా కొంచెం ఏటవాలుగా మొదలుపెడతారు. తల పొడుగు గుమ్మం వెడల్పులోకి వస్తుంది కదా. తలలో అన్నిటికన్నా వెడల్పయిన చోటు ఆ గుమ్మం దాటితే మేం "తల కుదురుకుంది" అనేవాళ్లం. తొలి కాన్పుల్లో ఇది తరచూ నొప్పులు రాకముందే, ఆఖరి వారాల్లో జరుగుతుంది. పిన్ని "ఊపిరి తేలిగ్గా ఆడుతోంది, కానీ గంట గంటకీ బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వస్తోంది" అన్నది అందుకే. మేం పొట్ట కింద చేయి పెట్టి, తల ఎన్ని వేళ్ల మేర ఇంకా పైన తగులుతోందో చూస్తాం. అయిదు వేళ్లూ పడితే ఇంకా పైనే తేలుతోందని అర్థం. రెండు వేళ్లకు తగ్గిందంటే కుదురుకున్నట్టే.

నొప్పులు మొదలయ్యాక గర్భసంచి ఒక్కో నొప్పికీ తలను కొంచెం కిందికి నెడుతుంది. ఈ దిగడం ఒక మెట్టు కాదు, చివరిదాకా ఆగకుండా నడిచే పని. మిగతావన్నీ దిగుతూ దిగుతూనే జరుగుతాయి. దారి పక్కల్లో ఎముకల మీద రెండు చిన్న మొనలుంటాయి. తల ఆ మొనల మట్టానికి వస్తే సున్నా అని రాస్తాం. పైన ఉంటే మైనస్ ఒకటి, రెండు. కింద ఉంటే ప్లస్. పిన్ని షీటులో సాయంత్రానికి సున్నా పడింది.

కిందికి దిగేటప్పుడు తలకు ఎదురు తగులుతుంది. అప్పుడు గడ్డం వచ్చి ఛాతీకి ఆనుకుంటుంది. మీరిద్దరూ ఇప్పుడే గడ్డం వంచి చూడండి, నడినెత్తి ముందుకొచ్చింది కదా. చిన్న మార్పే, కానీ లాభం పెద్దది. తల నిటారుగా ఉంటే దారికి ఎదురయ్యే కొలత సుమారు 11.5 సెంటీమీటర్లు. గడ్డం బాగా వంగితే 9.5. ఆ రెండు సెంటీమీటర్ల తేడా చాలాసార్లు కాన్పు ఎంతసేపు పడుతుందో తేలుస్తుంది. మంచాన్ని కూడా మేం నిడివిగా పట్టుకుని పోయేవాళ్లం, పక్కవైపు గుమ్మానికి పెడితే జన్మకు దాటదు. మా తమ్ముడికి ఇది ఎన్ని ఎండాకాలాలైనా ఎక్కలేదు, వాడిప్పుడు ఇంజినీర్ అంటే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు నడవలో తిప్పే ఘట్టం. వాడు అడ్డంగా ఉన్నాడు, కింది గుమ్మమేమో ముందు వెనకలకు పొడుగు. అడ్డంగానే కిందికి వస్తే ఆ మొనల దగ్గర ఇరుక్కుంటాడు. మంచాన్ని తిప్పడానికి మేమిద్దరం ఉన్నాం. వాణ్ణి ఎవరు తిప్పారు? కటి అడుగున ఒక కండరాల పరుపు ఉంటుంది. అది చదునుగా ఉండదు, పక్కల నుంచి మధ్యకు, వెనక నుంచి ముందుకు వాలుగా ఉంటుంది. దాని మీద మొదట ఏ భాగం ఆనితే ఆ భాగాన్ని ముందుకు జార్చేస్తుంది. గడ్డం బాగా వంగి ఉంటే మొదట ఆనేది పెడతల. కాబట్టి ఒక్కో నొప్పికీ కాస్త కాస్తగా పెడతల అమ్మ పొట్టవైపుకు తిరుగుతుంది, మొహం వెన్నువైపుకు. పావు చుట్టు తిరగడం, అంతే. గడ్డం వంగకపోతే నుదురు ముందు ఆనవచ్చు, అప్పుడు లెక్క తప్పి మొహం పొట్టవైపుకు తిరుగుతుంది. అలా మొదలైన పిల్లల్లో ఎక్కువమంది మళ్లీ తిరిగి సర్దుకుంటారు. కొద్దిమంది మాత్రం మొహం పైకి చూస్తూనే పుడతారు. అలాంటప్పుడు అమ్మకు నొప్పంతా నడుములోనే, కాన్పు ఆలస్యం.

ఇది మాకెలా తెలిసేదంటే, తల మీది మాడు చెప్పేది. పసిపిల్లల తలలో ఎముకలు ఇంకా అతుక్కోవు, మధ్య మెత్తటి ఖాళీలుంటాయి. ముందుది నాలుగు మూలలుగా పెద్దది. వెనకది మూడు మూలలుగా చిన్నది. వేలికి చిన్నది తేలిగ్గా అంది, పెద్దది అందకపోతే గడ్డం బాగా వంగిందని ధైర్యం. పెద్దదే ముందు తగిలితే డాక్టరమ్మను పిలిచేదాన్ని. ఆ ఖాళీల వల్లే దారిలో ఎముకలు ఒకదాని అంచు మీదికి ఒకటి కొంచెం ఎక్కి తల సన్నబడుతుంది. మీ తమ్ముడి నెత్తి కోసుగా కనిపించింది అందుకే. రోజుల్లో దానంతటదే గుండ్రమవుతుంది. చుట్టాలు నూనె రాసి నొక్కుతామంటే నొక్కనివ్వకండి.

చాలాకాలం ఈ తిరగడం సంగతి పెద్ద పెద్ద వైద్యులకూ తెలియదు. బిడ్డ మొదటి నుంచీ అమ్మ వెన్నువైపే చూస్తూ వస్తుందనుకునేవారు. తల పై గుమ్మంలోకి అడ్డంగా వస్తుందని 1742లో డబ్లిన్ వైద్యుడు ఫీల్డింగ్ ఊల్డ్ రాశాడు. లోకంలో అందరూ ఆ దారినే వచ్చినా, కనిపెట్టడానికి అంతకాలం పట్టింది.

తర్వాత వాకిలి గుమ్మం. మా గుమ్మానికి ఎదురుగానే ప్రహరీ గోడ, అందుకని మంచం ముందు కొస బయటికి రాగానే పైకెత్తాలి. ఇక్కడా అంతే. దారి తిన్నగా కిందికి పోదు, చివర్లో ముందుకు వంగుతుంది. పెడతల కింది భాగం అమ్మ కటి ముందు ఎముక కింద ఆనుకుంటుంది. అది ఆసరాగా, ఇప్పటిదాకా వంగి ఉన్న తల వెనక్కి వాలుతుంది. నడినెత్తి, నుదురు, ముక్కు, నోరు, గడ్డం వరసగా బయటికొస్తాయి, మొహం అమ్మ వెన్నువైపుకు. నొప్పి తగ్గినా తల వెనక్కి పోకుండా కనిపిస్తూ నిలిచినప్పుడు మేం "ఇప్పుడు ముక్కకమ్మా, నోటితో ఊదు" అంటాం. ఒక్కసారిగా దూసుకొస్తే అమ్మకు చిరుగుతుంది. అప్పుడు నా అరచేయి తల మీద ఉండేది, లాగడానికి కాదు, వేగం ఆపడానికి.

ఇక్కడ నా మంచం ఆగిపోతుంది. మంచానికి మెడ లేదు. లోపల తల పావు చుట్టు తిరిగినప్పుడు భుజాలు అంతా తిరగలేదు, మెడ మెలిపడింది. తల బయటికి రాగానే ఆ మెలి విడిపోయి, వాడి మొహం తనంతట తానే పక్కకు కొంచెం తిరుగుతుంది. ఎవరూ ముట్టుకోకముందే! కొత్త సిస్టర్లు అది చూసి గతుక్కుమనేవాళ్లు. ఆ తర్వాత లోపల భుజాలు కింది గుమ్మానికి తగ్గట్టు ముందు వెనకలకు తిరుగుతాయి, వాటితో పాటు తల ఇంకొంచెం తిరుగుతుంది. చివరికి మీ తమ్ముడు అమ్మ కుడి తొడ కేసి చూస్తున్నాడు, మొదలుపెట్టినప్పుడు ఎటు చూశాడో అటే. అప్పుడు ముందు భుజం అమ్మ ముందు ఎముక కింద నుంచి జారింది, తర్వాత వెనక భుజం. మిగతా ఒళ్లంతా ఒక్క క్షణంలో.

ఈ భుజాల దగ్గరే నాకు భయం ఉండేది. తల వచ్చాక పక్కకు తిరగకుండా, వచ్చినంత మేర వెనక్కి లాక్కుపోయి బుగ్గలు ఒత్తుకుపోతే ముందు భుజం అమ్మ ముందు ఎముక వెనక ఇరుక్కుందని అర్థం. అప్పుడు తల పట్టుకుని లాగకూడదు, మెడ నరాలు దెబ్బతిని చేయి చచ్చుబడవచ్చు. పొట్ట పైనుంచి నెట్టకూడదు, ఇంకా బిగుసుకుంటుంది. కేకేసి మనుషుల్ని పిలిచి, అమ్మ మోకాళ్లు రెండూ పొట్టకేసి బాగా మడిచి, ముందు ఎముకకు కొంచెం పైన అరచేత్తో నొక్కాలి. చాలాసార్లు దానితోనే విడిపోతుంది. పిన్నికి అంత అవసరం రాలేదు.

వాడికి ఇదంతా ఎవరు నేర్పారు అంటారేమో. ఎవరూ నేర్పలేదు, దారే నేర్పింది. నాకు ఇప్పటికీ అంతకన్నా చెప్పడం రాదు.

మీ స్కూలు ల్యాబులో అస్థిపంజరం బొమ్మ ఉందన్నారు కదా. టీచర్‌ని అడిగి కటి ఎముకను పైనుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి చూడండి. స్కేలు పట్టుకెళ్లండి. ఒక్క జాగ్రత్త: ముందు ఎముక కింది కమాను ఇరుకుగా ఉంటే అది మగవాడి బొమ్మ, మన లెక్కలు దానికి సరిపడవు. వెడల్పుగా ఉంటేనే కొలవండి. ఆ రెండు మొనలు ఎక్కడున్నాయో వేలు పెట్టి వెతికి, వాటి మధ్య ఎంతుందో నాకు రాయండి.

మీ
అమ్మమ్మ