సిక్స్ ఆఫ్ కప్స్ వస్తే ఊరు రమ్మన్నట్టేనా?

పి.గన్నవరం అవతల ఒక లంక గ్రామం ఆవిడది. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటోంది. "అక్కా, ఊరెళ్లిపోదామనుకుంటున్నా, అక్కడ నాకేముందో చూడు" అని నా దగ్గర టారో కార్డులు వేయించుకుంది. మొదటిదే సిక్స్ ఆఫ్ కప్స్. పాత తోట, తెల్ల పూలు పెట్టిన కప్పులు, వాటిలో ఒకదాన్ని చిన్న పిల్లకి అందిస్తున్న కుర్రాడు. "చూశావా, రమ్మంటోంది" అంది.

చాలామంది ఇక్కడే తలూపేసి డబ్బులు తీసుకుంటారు. నాకది నచ్చదు, ఎందుకంటే ఈ కార్డుకి "గతం" అనే అర్థం పుట్టుకతో రాలేదు. పాత మార్సెయ్ రకం టారో కట్టల్లో పిల్లలూ లేరు, తోటా లేదు, ఆరు కప్పులు పేర్చి ఉంటాయంతే. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో ఎటేయా అనే ఆయన (అలియెట్ అన్న ఇంటిపేరునే వెనక నుంచి రాసుకున్నాడు, సరదా మనిషి) నిటారుగా పడితే గతం, తలకిందులైతే రాబోయేది అని దీనికి ముద్ర వేశాడు. 1909లో లండన్‌లో వెయిట్ అనే ఆయన తెచ్చిన కట్టకి బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్ చేతిలోనే ఈ తోటా పిల్లలూ ఇందులోకి వచ్చారు.

వెయిట్ ఈ కార్డుకి జ్ఞాపకాలు, బాల్యం, మాయమైపోయినవి అని అర్థం రాసి అక్కడితో ఆగలేదు. ఇంకో రకంగా చదివితే కొత్త సంబంధాలు, కొత్త పరిసరాలు అనీ, అప్పుడు ఆ పిల్లలు ఆడుకుంటున్నది తమకు తెలియని చోట అనీ వెంటనే చేర్చాడు. ఈ రెండో సగాన్ని జనం వదిలేస్తారు.

ఏ సగం పట్టుకోవాలో ప్రశ్నే చెబుతుంది. "నన్ను లాగుతున్నదేంటి" అని అడిగి ఉంటే మొదటిదే చాలు. ఈవిడ అడిగింది "అక్కడ ఏముంది" అని. అందుకే ఊరి గురించి గుర్తున్నది కాదు, ఇప్పుడున్నది చెప్పమన్నాను. కాస్త ఆలోచించి, కొబ్బరితోట సగం కోతకి గోదాట్లో కలిసిపోయిందనీ, 2022లో జిల్లా పేరు కూడా కోనసీమ అయిందనీ చెప్పింది. బొమ్మలో వెనకాల ఈటె పట్టుకుని అటు తిరిగి వెళ్లిపోతున్న మనిషిని చూపించి, ఈయన స్థానంలో నీకు ఎవరు కనిపిస్తున్నారన్నాను. "అమ్మ" అంది, తర్వాత కాసేపు మాట్లాడలేదు.

రెండో కార్డు ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, బల్ల మీద కూర్చుని ఒక్కో నాణెం చెక్కుతున్న పనివాడు. అక్కడ ఏం పని చేస్తావన్నదాని మీద అప్పటిదాకా ఒక్క ముక్క రాలేదు. సంక్రాంతికి కాకుండా ఆగస్టులో వెళ్లి ఒక నెల ఉండి చూడమన్నాను.

"ఆగస్టులోనా? వరదొస్తే ఇంటికి పడవ మీదే వెళ్లాలక్కా" అంది.

అదే మరి, ఆ పడవెక్కి వెళ్లి చూడమన్నాను.