“యాదృచ్ఛికంగా 40 ప్లాట్లు వేశాం” అంటే సరిపోదు: అడవి సర్వేలో అపోహలు – వాస్తవాలు

అమ్రాబాద్ వైపు సర్వేకి వెళ్లొచ్చిన పీజీ పిల్లలు థీసిస్ చూపించినప్పుడల్లా మెథడ్స్‌లో “యాదృచ్ఛికంగా 40 ప్లాట్లు వేశాం” అనే ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ప్లాటంటే చెట్లు లెక్కపెట్టడానికి గుర్తు పెట్టుకునే చిన్న ముక్క. ఆ పద్ధతే ఎందుకని అడిగితే నోరు పెగలదు.

అపోహ: సింపుల్ రాండమే, అంటే అడవంతా ఒక్కటిగా తీసుకుని చీటీ తీసినట్టు పాయింట్లు ఎంచడమే, అసలైన సైన్సు.

రాండమ్‌కి పక్షపాతం లేదు, నిజమే. కానీ మన నేల ఒక్క తీరుగా ఉంటే కదా! పైన చదునులో నల్లమద్ది, చిరుమాను, రాళ్ల వాలులో అందుగు, వాగు ఒడ్డున తెల్లమద్ది. వాగు ఒడ్డు మొత్తంలో 5 శాతమే అనుకోండి, 40 పాయింట్లు చల్లితే అక్కడ ఒక్కటీ పడకపోయే అవకాశం 0.95^40, అంటే దాదాపు 13 శాతం. పడినా సగటున రెండే. రెండు ప్లాట్లతో తెల్లమద్ది గురించి ఏం రాస్తారు? చదునైన, ఒకే రకం అడవి అయితే మాత్రం సింపుల్ రాండమ్ చాలు.

అపోహ: గ్రిడ్ వేస్తే అన్నీ సమానంగా వస్తాయి.

నేనూ అలాగే అనుకుని 500 మీటర్ల గ్రిడ్ వేశాను. అక్కడ గట్టు, లోయ, మళ్లీ గట్టు కూడా సుమారు అంతే దూరంలో వస్తున్నాయని మూడో రోజుకి గానీ తెలియలేదు, అప్పటికి ప్లాట్లన్నీ దాదాపు గట్ల మీదే! ఇప్పుడు బయల్దేరే ముందే QGIS అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పాయింట్లను వాలు మ్యాప్ మీద పెట్టి, ఒక్కో వాలు తరగతిలో పాయింట్ల శాతం, విస్తీర్ణం శాతం పోల్చి చూస్తాను. తేడా ఎక్కువుంటే దూరమో దిశో మారుస్తాను.

అపోహ: స్ట్రాటిఫైడ్ చేశాక, అంటే అడవిని భాగాలు చేసి ఒక్కో భాగంలో విడిగా ప్లాట్లు వేశాక, అన్ని ప్లాట్ల సగటు తీస్తే సరి.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. చదును 60 శాతం, వాలు 35, వాగు ఒడ్డు 5 అనుకుందాం. వాగు ఒడ్డుకి కావాలనే దాని వాటా కంటే ఎక్కువిచ్చి వరుసగా 20, 12, 8 ప్లాట్లు వేశాం. ప్లాటు 0.1 హెక్టారు, చెట్ల సగటు 12, 8, 20. అన్నీ కలిపి సగటు తీస్తే 12.4, హెక్టారుకి 124. విస్తీర్ణాన్ని బట్టి బరువులిస్తే:

```
0.60×12 + 0.35×8 + 0.05×20 = 11.0
```

హెక్టారుకి 110 చెట్లే. మిగతా 14 చెట్లు అడవిలో లేవు, వాగు ఒడ్డున మనం ఎక్కువ వేసిన ప్లాట్లు తెచ్చినవి.

మెథడ్స్‌లో నేనైతే ఇలా రాస్తాను: “ఫీల్డుకి వెళ్లకముందే ఎత్తు మ్యాప్ నుంచి వాలు, వాగు దూరం తీసి ప్రాంతాన్ని మూడు భాగాలు చేశాం. ప్రతి భాగంలో పాయింట్లు రాండమ్‌గా తీశాం. వాగు ఒడ్డు చిన్నది కనుక ఎక్కువ ప్లాట్లు ఇచ్చి, సగటులో విస్తీర్ణం బరువులు వాడాం. ఎక్కలేని చోట పడిన పాయింట్లను పక్కకి జరపలేదు, అదే భాగం జాబితాలో తర్వాతి పాయింటుకి వెళ్లాం, అందుకే ఈ ఫలితాలు ఎక్కగలిగిన చోట్లకే వర్తిస్తాయి.” ఆఖరి ముక్క రాయడానికి గైడ్లు కూడా మొహమాటపడతారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ముందు అడిగేది అదే.