మార్చి 31 స్టాక్ లెక్క: మా దగ్గర వినిపించే అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో చిన్న దుకాణాల లెక్కలు రాస్తాను. ఎరువులు, బట్టలు, హార్డ్‌వేర్, బోరు మోటార్లు... వీళ్లలో చాలామంది ప్రతి అమ్మకానికీ సరుకు ఖరీదు రాసుకోరు. కౌంటర్ దగ్గర బిల్లు కొట్టి డబ్బులు గల్లాలో వేసుకుంటారు, అంతే. ఏడాది చివర సరుకు లెక్కబెట్టి, దాన్నిబట్టి అమ్మిన సరుకు ఖరీదెంతో తేలుస్తాం. దీన్నే పీరియాడిక్ పద్ధతి అంటారు. పద్ధతి సులువే, కానీ ఏడాది ముగింపు పద్దుల దగ్గర యజమానులతో పాటు కొత్త అకౌంటెంట్లు కూడా తడబడతారు.

కింద చెప్పే అంకెలు దేవరకొండ వైపు ఒక మోటార్లు, పైపుల దుకాణానివి. 2024-25 సంవత్సరానివి. గుండ్రంగా చేసి రాస్తున్నాను.

అపోహ: పుస్తకంలో కనిపించే స్టాక్ అంటే ఇప్పుడు కొట్లో ఉన్న సరుకు

డిసెంబరులో ఆ యజమాని ఫోన్ చేశాడు. "సార్, కంప్యూటర్ల స్టాక్ ఆరు లక్షల నలభై వేలే చూపిస్తున్నది. గోదాం నిండ సరుకున్నది గదా. ఎవరన్న కొట్టేసిండ్రా ఏంది?"

ఎవరూ ఏమీ కొట్టేయలేదు. ఆ 6,40,000 ఏప్రిల్ 1 నాటి అంకె. ఈ పద్ధతిలో ఏడాది పొడవునా స్టాక్ ఖాతాను ఎవరూ ముట్టుకోరు. వచ్చిన ప్రతి లోడూ కొనుగోళ్ల ఖాతాకు, వాపసు పంపింది కొనుగోలు వాపసుల ఖాతాకు, లారీ కిరాయి, దింపిన హమాలీ ఖర్చు వాటి ఖాతాకు పోతాయి. అమ్మినప్పుడు అమ్మకాల ఖాతా ఒక్కటే కదులుతుంది. కాబట్టి జూన్‌లో చూసినా జనవరిలో చూసినా స్టాక్ ఖాతాలో అదే అంకె. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఈ అంకె ఎక్కిస్తే మాత్రం చిక్కే, దానికి విడిగా లెక్కబెట్టాల్సిందే.

అపోహ: ముగింపు సరుకు క్రెడిట్ వైపు వస్తుంది కాబట్టి అది ఆదాయం

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. "అమ్మని సరుకుకు లాభమెట్ల వస్తది సార్? దాని మీద ట్యాక్స్ ఎందుకు కట్టాలె?" అడగడంలో న్యాయముంది, ఎందుకంటే వర్తకపు ఖాతాలో అమ్మకాలు, ముగింపు సరుకు ఒకే వైపు పక్కపక్కనే కూర్చుంటాయి. చూసేవాళ్లకు రెండూ రాబడిలాగే కనిపిస్తాయి.

నేనైతే వర్తకపు ఖాతా పక్కన పెట్టి, "అమ్మిన సరుకు ఖరీదు" అని ఒక ఖాతా తెరిచి చూపిస్తాను. మన దుకాణం అంకెలు ఇవి: ప్రారంభ సరుకు 6,40,000, కొనుగోళ్లు 31,50,000, లారీ కిరాయి, హమాలీ 60,000, కొనుగోలు వాపసులు 50,000, లెక్కబెట్టిన ముగింపు సరుకు 7,20,000.

మొదట, ఏడాదిలో మన చేతికొచ్చిన సరుకు మొత్తాన్నీ ఈ ఖాతాలోకి తోసేస్తాం:

అమ్మిన సరుకు ఖరీదు ఖాతా, డెబిట్ 38,50,000
స్టాక్ ఖాతా (ప్రారంభ సరుకు), క్రెడిట్ 6,40,000
కొనుగోళ్ల ఖాతా, క్రెడిట్ 31,50,000
కిరాయి, హమాలీ ఖాతా, క్రెడిట్ 60,000

వాపసు పోయినదాన్ని తగ్గిస్తాం:

కొనుగోలు వాపసుల ఖాతా, డెబిట్ 50,000
అమ్మిన సరుకు ఖరీదు ఖాతా, క్రెడిట్ 50,000

ఇక్కడ ఆగి చూస్తే ఖాతాలో 38,00,000 ఉంటుంది. ఈ ఏడాది అమ్మడానికి మన దగ్గరున్న సరుకు మొత్తం ఖరీదు అది. ఒక్క మోటారు కూడా కొట్లో మిగలకపోతే ఖర్చు అంతా ఇదే. కానీ 7,20,000 సరుకు ఇంకా రాక్‌ల మీదే ఉంది. దాని ఖరీదు ఈ ఏటి అమ్మకాల మీద రుద్దడం తప్పు కదా, అందుకే బయటికి తీస్తాం:

స్టాక్ ఖాతా (ముగింపు సరుకు), డెబిట్ 7,20,000
అమ్మిన సరుకు ఖరీదు ఖాతా, క్రెడిట్ 7,20,000

మిగిలేది 30,80,000. అమ్మకాలు 36,50,000 కాబట్టి స్థూల లాభం 5,70,000, అంటే వందకు పదిహేను రూపాయల అరవై పైసల చొప్పున. ముగింపు సరుకును క్రెడిట్ చేసింది ఆదాయంగా కాదు. ఈ ఏటి ఖర్చులోంచి దాన్ని తీసి, వచ్చే ఏటికి అట్టిపెట్టాం. 2025 ఏప్రిల్ 1న అదే 7,20,000 ప్రారంభ సరుకవుతుంది, ఆ ఏడాది చివర డెబిట్ వైపుకొచ్చి ఖర్చులో కలుస్తుంది.

ఇంకో దారిలో కూడా సరిచూసుకోవచ్చు. వాపసులు పోగా, కిరాయి కలిపి కొన్నది 31,60,000. కొట్లో సరుకు పోయినేటి కంటే 80,000 పెరిగింది. కొన్నదాంట్లో ఆ 80,000 ఇంకా అమ్ముడుపోలేదు, మిగతా 30,80,000 పోయింది. ఇలా చెప్పిన రోజు ఆ యజమాని ఇంకో ప్రశ్న వేయలేదు.

ముగింపు సరుకుకు ధర కట్టేది కొన్న ఖరీదుతో, అమ్మే ధరతో కాదు. ఒకవేళ ఏ సరుకైనా కొన్న ఖరీదు కంటే తక్కువకే పోయేట్టుంటే, ఆ తక్కువ ధర కట్టాలి. పాత మోడల్ మోటార్ల దగ్గర ఈ సంగతి పనికొస్తుంది.

అపోహ: కొత్త స్టాక్ అంకె ఎక్కిస్తే పాతది దానంతటదే పోతుంది

ఈ తప్పు నేనే చేశాను, పని నేర్చుకునే రోజుల్లో. ముగింపు సరుకు పద్దు రాసి, ప్రారంభ సరుకును ఖర్చులోకి పంపే పద్దు మర్చిపోయాను. ఈ దుకాణం అంకెల్లో చెప్పాలంటే స్టాక్ ఖాతాలో 6,40,000 అలాగే ఉండగా దాని మీద 7,20,000 వచ్చి కూర్చుంటుంది. ఆస్తిఅప్పుల పట్టీలో సరుకు 13,60,000 అవుతుంది. ఖర్చు 24,40,000కు పడిపోయి లాభం 12,10,000 చూపిస్తుంది. పైపుల వ్యాపారంలో వందకు ముప్పై మూడు రూపాయల లాభం! మా సార్ కాగితం చూసి, "నువ్వు గూడ ఓ దుకాణం పెట్టరాదు?" అన్నారు.

అసలు ఇబ్బందేమిటంటే, అంత తప్పు చేసినా డెబిట్, క్రెడిట్ సమానంగానే ఉంటాయి. రాసిన పద్దు రెండు వైపులా రాసిందే, మర్చిపోయిన పద్దు రెండు వైపులా మర్చిపోయిందే. అందుకే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వలు సరిచూసే అంకణా కుదిరిందని నమ్మొద్దు. పద్దులన్నీ వేశాక రెండు చోట్ల చూడాలి. కొనుగోళ్లు, వాపసులు, కిరాయి ఖాతాలన్నీ సున్నా కావాలి. స్టాక్ ఖాతాలో లెక్కబెట్టిన కాగితం మీదున్న అంకె పైసాతో సహా అదే ఉండాలి.

పరీక్షకు చదువుకునే పిల్లలు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. ముగింపు సరుకు అంకణాలోనే ఇచ్చి ఉంటే, ఈ పద్దు ఇదివరకే వేసేశారని అర్థం. అప్పుడది ఆస్తిఅప్పుల పట్టీకి మాత్రమే పోతుంది. మళ్లీ ఖర్చులోంచి తగ్గిస్తే రెండుసార్లు తగ్గించినట్టు.

అపోహ: సరుకు సరిగ్గా లెక్కబెడితే చాలు

2025లో మార్చి 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్. హమాలీలు లేరు, యజమాని కూడా ఇంటి దగ్గరే. ఏప్రిల్ 2న కూర్చొని లెక్కబెట్టాం. పైపు చుట్టలు, కేసింగ్ పైపులు లెక్కబెట్టడం తేలికే. సగం వాడిన కేబుల్ చుట్టల దగ్గరే ఆలస్యం. "అందాజగ యాభై మీటర్లు రాయి సార్" అంటాడు, విప్పి కొలిస్తే ముప్పై ఆరు ఉంటుంది.

రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి వెనక్కి లెక్క కట్టాలి. ఏప్రిల్ 1న రెండు మోటార్లు పోయాయి. ఒక్కోటి కొన్న ఖరీదు 12,000, కాబట్టి 24,000 కలిపాం. ఆ రెండు రోజుల్లో కొత్త లోడు వచ్చి ఉంటే తీసేసేవాళ్లం, రాలేదు. అలా 7,20,000 తేలింది.

లెక్క సరిగ్గానే ఉంది, కానీ లాభం చూస్తే 6,60,000. అమ్మకాల్లో వందకు పద్దెనిమిది. అంతకుముందు ఏడాది పదిహేనున్నర. ధరలు పెంచారా అంటే లేదన్నాడు. అమ్మకాల్లో ఏమీ మారకుండా లాభం శాతం మాత్రం రెండున్నర పాళ్లు ఎగిరితే, నేను ముందు మార్చి చివరి వారం కొనుగోళ్లు చూస్తాను.

దొరికింది. మార్చి 29 శనివారం హైదరాబాద్ నుంచి 90,000 విలువైన పైపులు దిగాయి. బిల్లు యజమాని డైరీలో ఉండిపోయి, నా దగ్గరికి ఏప్రిల్ 4న వచ్చింది. ఆ తేదీతోనే ఎక్కించారు. అంటే పైపులు ముగింపు సరుకులో ఉన్నాయి, వాటి బిల్లు కొనుగోళ్లలో లేదు. కొనుగోళ్లు 31,50,000 ఉండాల్సింది 30,60,000 అయింది, ఖర్చు 90,000 తగ్గి లాభం అంతే పెరిగింది. ఆ బిల్లును మార్చి 29 తేదీకి మార్చి, సరఫరాదారుకు బాకీగా చూపించాక పైన చెప్పిన 5,70,000 వచ్చింది.

"వచ్చే ఏడాది సర్దుకుంటది గద సార్" అన్నాడు. నిజమే, వదిలేస్తే వచ్చే ఏడాది ఖర్చులో ఆ పైపులు ప్రారంభ సరుకుగా ఒకసారి, కొనుగోలుగా ఇంకోసారి పడి లాభం 90,000 తగ్గేది. రెండేళ్ల మొత్తం సమానమే. కానీ ఈ ఏడు రాని లాభానికి పన్ను కట్టాలి. దుకాణంలో అన్నదమ్ములిద్దరికీ వాటా ఉంది కాబట్టి పంపకం కూడా తప్పుతుంది.

ఇప్పుడు ఏప్రిల్ 14న మార్చి నెల జీఎస్టీఆర్-2బి, అంటే సరఫరాదారులు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లుల పట్టీ, రాగానే దాంట్లోని బిల్లులన్నీ మా కొనుగోళ్లతో ఒక్కొక్కటే సరిచూస్తున్నాను. మార్చి తేదీ బిల్లు అందులో ఉండి మా పుస్తకంలో లేకపోతే, సరుకు ఎప్పుడు దిగిందో అడుగుతాను. సరఫరాదారు తన రిటర్న్ ఆలస్యంగా వేస్తే ఆ బిల్లు అందులో కనిపించదు కాబట్టి, గోదాంలో సరుకు దించుకున్న చీటీలు కూడా చూస్తాను.

అపోహ: అమ్మిన సరుకు ఖరీదు అంటే అమ్మిన సరుకుదే

పేరు అలా ఉంది గానీ, ఈ పద్ధతిలో ఆ అంకె తీసివేతలో మిగిలింది. మార్చి 31న కొట్లో లేని ప్రతి వస్తువూ అమ్ముడైనట్టే లెక్క. పగిలిన పైపులు, పోయిన కేబుల్, యజమాని తన పొలానికి తీసుకుపోయిన మోటారు, అన్నీ ఆ 30,80,000లో కలిసిపోయాయి. పొలానికి పోయిన మోటారు సంగతి నాకు తెలిసింది కాబట్టి సొంత వాడకంగా రాసి కొనుగోళ్లలోంచి తీసేయాలి, 12,000. అప్పుడు ఖర్చు 30,68,000 అవుతుంది. కేబుల్ ఎంత పోయిందో మాత్రం ఈ పుస్తకాల్లోంచి చెప్పలేను. కేబుల్‌కు ఒక్కదానికైనా వచ్చింది, పోయింది రాసే రిజిస్టర్ పెట్టమన్నాను. పెట్టాడు, జూన్ దాకా రాశాడు.