ఆకుపచ్చ వెలుగులో ఎర్ర గులాబీ

నెల్లూరు పూలకొట్లో ఓ మూర కదంబం కొనండి. అందులో మల్లెలు, పసుపు చామంతులు, మరువం, మధ్యమధ్యలో ముదురెర్ర గులాబీలు ఉండేలా చూసుకోండి. పెళ్లిపందిళ్లకు కట్టే ఆకుపచ్చ ఎల్ఈడీ సీరియల్ లైట్ల కింద, వేరే దీపాలన్నీ ఆర్పేసి, ఆ దండను పట్టుకుని చూడండి. మల్లె ఆకుపచ్చగా వెలుగుతుంది. చామంతి కూడా దాదాపు అదే రంగులో కనిపిస్తుంది. మరువం కాస్త మసకబారినా పచ్చగానే ఉంటుంది. గులాబీ ఉన్నచోట మాత్రం దండకి చిల్లు పడ్డట్టు నల్లగా ఉంటుంది.

గులాబీ రేకులో ఎరుపు దీపమేమీ లేదు. అందులో ఉన్నది ఆంథోసయనిన్ అనే వర్ణకం. ఇది 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ కాంతిని గట్టిగా మింగేసి, 600 దాటిన ఎరుపును వదిలేస్తుంది. పగటి వెలుగులో ఆ మిగిలిన ఎరుపే మన కంటికి చేరుతుంది. ఆకుపచ్చ ఎల్ఈడీ ఇచ్చేది కూడా సరిగ్గా 520, 530 దగ్గరి కాంతే, ఎరుపు ఇంచుమించు సున్నా. రేకుకి దొరికేది మింగేసే రంగు ఒక్కటే, తిప్పిపంపాల్సిన రంగు అసలు రాలేదు. చామంతిలోని పసుపు వర్ణకం మింగేది నీలాన్ని. ఆకుపచ్చనీ ఎరుపునీ రెంటినీ వెనక్కి పంపుతుంది, కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మనం పసుపునీ ‘పచ్చ’ అంటాం, ఆకునీ ‘పచ్చ’ అంటాం. ఈ లైటు కింద ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

అయితే ఇదే ప్రయోగం ఆకుపచ్చ ఎల్ఈడీ బదులు మామూలు దీపం ముందు ఆకుపచ్చ జిలెటిన్ కాగితం పెట్టి చేసినవాళ్లు చాలామంది ‘నల్లగా లేదే, గోధుమ రంగులో ఉంది’ అంటారు. వాళ్లు చూసింది తప్పు కాదు. ఫ్యాన్సీ షాపు కాగితం ఆకుపచ్చను మాత్రమే వదిలే జల్లెడ కాదు, దానిలోంచి ఎరుపు కొంచెం కారుతుంది.

లెక్క వేసి చూద్దాం. సులువు కోసం అంకెలు ఇలా అనుకుందాం: తెల్ల వెలుగులో ఆకుపచ్చ 100 వంతులు, ఎరుపు 100 వంతులు. కాగితం ఆకుపచ్చలో 60 శాతాన్ని, ఎరుపులో 5 శాతాన్ని పోనిస్తుంది. రేకు ఆకుపచ్చలో 3 శాతాన్ని, ఎరుపులో 50 శాతాన్ని తిప్పికొడుతుంది. దీపం, కాగితం, రేకు మూడింటినీ రంగు రంగుకీ గుణించాలి. ఆకుపచ్చ 60లో 3 శాతం, అంటే 1.8. ఎరుపు 5లో సగం, అంటే 2.5. కారింది కొంచెమే అయినా ఆకుపచ్చను రేకు తినేసింది కాబట్టి చివరికి ఎరుపుదే పైచేయి. అందుకే ఆ ముదురు గోధుమ రంగు.

ఇప్పుడు కాగితాన్ని మడత పెట్టి రెండు పొరలు చేయండి. ఆకుపచ్చ 60లో 60 శాతం, అంటే 36 మిగులుతుంది. ఎరుపు 5లో 5 శాతం, అంటే 0.25కి పడిపోతుంది. రేకు నుంచి వచ్చేది ఆకుపచ్చ 1.08, ఎరుపు 0.125. పక్కన 80 శాతం వెలుగును తిప్పికొట్టే తెల్ల కాగితం పెడితే దాని నుంచి వచ్చే ఆకుపచ్చ 28.8. దాని పక్కన గులాబీ నల్లగా కనిపించక తప్పదు, తేరిపార చూస్తే కాస్త ఆకుపచ్చ నీడ ఉన్న నలుపు.

దీపం కూడా ముఖ్యమే. పాత ఫిలమెంటు బల్బులో ఆకుపచ్చ కంటే ఎరుపు రెండింతలకు పైగా ఉంటుంది. దాని ముందు ఒక్క పొర కాగితం పెడితే గులాబీ ముదురెరుపుగానే నిలబడుతుంది. ఫోన్ టార్చ్‌లో ఎరుపు తక్కువ, అది మేలు.

చేసే పద్ధతి చెప్పుల డబ్బాతో సరిపోతుంది. మూతకి రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, దానిపై రెండు పొరల కాగితం అతికించి, పైన టార్చ్ పెట్టండి. పక్కన కంటికి ఇంకో రంధ్రం. లోపల నల్లగుడ్డ మీద గులాబీ రేకు, చిన్న తెల్ల కాగితం ముక్క పక్కపక్కనే ఉండాలి. గది చీకటిగా ఉండాలి. డబ్బా అతుకుల్లోంచి తెల్ల వెలుగు దూరితే ఎరుపు మళ్లీ తలెత్తుతుంది. కాగితం ఎంత కారుతోందో తెలియాలంటే, తెల్ల దీపం కింద పాత సీడీ మీద వచ్చే ఇంద్రధనుస్సును ఆ కాగితంలోంచి చూడండి. ఎరుపు చార ఇంకా కనిపిస్తే మరో పొర వేయాల్సిందే.

చూసేవాళ్లకు ముందుగా ‘గులాబీ’ అని చెప్పకండి, తెలిస్తే ఎరుపే కనిపిస్తోందంటారు. ఫోటోను సాక్ష్యంగా తీసుకోకండి. ఫోన్ కెమెరా తనంతట తానే నలుపును వెలుగెక్కించి బూడిద రంగు చేస్తుంది. పువ్వు కూడా ముదురెర్రదే కావాలి. లేత గులాబీ రంగు పన్నీరు గులాబీలో వర్ణకం పలచన. ఆకుపచ్చలో చాలా భాగం తిరిగొస్తుంది, అది మసకపచ్చగా ఉంటుందే తప్ప నల్లబడదు.